‘లేదు’ తెర దాటిపోయింది: తిరుపతి ట్రావెల్స్ ఛానల్ టైటిల్ కేసు

తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర ట్రావెల్స్ నడిపే ఒకాయన యూట్యూబ్ ఛానల్‌కు సంబంధించిన కేసు ఇది. కార్లు, టెంపో ట్రావెలర్లు తిప్పడం ఆయన అసలు వ్యాపారం. దర్శనం కోటా ఎప్పుడు, ఉచిత దర్శనం టోకెన్లు ఎక్కడ ఇస్తున్నారు, పెద్దవాళ్లను తీసుకొస్తే అలిపిరి మెట్లు మేలా శ్రీవారి మెట్టు మేలా అని కొండకు వచ్చేవాళ్లకు చెప్పే వీడియోలు మొదట పక్క పనిగా పెట్టుకున్నాడు. ఆ వీడియోలు చూసి ఫోన్ చేసి బండి మాట్లాడుకునేవాళ్లు పెరిగాక ఛానల్ మీద శ్రద్ధ పెరిగింది. టైటిళ్లు, డిస్క్రిప్షన్లు, ట్యాగులు చూడమని నన్ను పిలిచింది మాత్రం ఒకే ఒక వీడియో వల్ల.

అప్పుడు వాట్సాప్ గ్రూపుల్లో ఒక పుకారు తిరుగుతోంది. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనానికి జులై నెల కోటా మరుసటి రోజు ఉదయమే ఆన్‌లైన్‌లో పెడతారని. దేవస్థానం అలాంటి ప్రకటనేదీ ఇవ్వలేదు. నమ్మొద్దని చెబుతూ ఈయన సాయంత్రం ఒక వీడియో పెట్టాడు. వీడియోలో చెప్పింది సరిగ్గానే ఉంది. టైటిల్ కూడా తప్పేం కాదు:

తిరుమల తిరుపతి దేవస్థానం శ్రీవారి 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు రేపు విడుదల కావడం లేదు

కింద కామెంట్లు చూస్తే మాత్రం కథ వేరే. “ఎన్ని గంటలకన్నా?” “థాంక్స్ బ్రో, రేపు ట్రై చేస్తాం.” మరుసటి రోజు మధ్యాహ్నానికి స్వరం మారింది. పొద్దున్నే లేచి కంప్యూటర్ ముందు కూర్చున్నామని, ఏమీ రాలేదని, తప్పుడు సమాచారం ఇచ్చి జనాన్ని ఏడిపిస్తున్నారని తిట్లు. ఆఫీసుకు ఫోన్లు కూడా అలాగే వచ్చాయి. పుకారును ఆపాలని పెట్టిన వీడియోనే పుకారుకు సాక్ష్యమైపోయింది.

కారణం వెతకడానికి ఎక్కువ దూరం పోనక్కర్లేదు. నా ఫోన్‌లో యూట్యూబ్ హోమ్ పేజీ తెరిచి ఆ వీడియో కింద చూస్తే టైటిల్ రెండు లైన్లు వచ్చి ఇలా ఆగింది: “…దర్శనం టికెట్లు రేపు విడుదల…”. చుక్కల అవతల మిగిలింది రెండే మాటలు, “కావడం లేదు”. వీడియో తెరిచినవాళ్లకు విషయం తెలిసింది. తెరవకుండా కిందికి జరిపేసినవాళ్లు రేపు విడుదల అనే అనుకున్నారు. అలాంటివాళ్లే ఎక్కువ కదా.

తెలుగు వాక్యానికి ఇక్కడ ప్రత్యేకమైన చిక్కుంది. మన క్రియ చివర వస్తుంది, అవునో కాదో తేల్చేది కూడా ఆ క్రియే. లేదు, రాదు, కాదు, వద్దు, కుదరదు అన్నీ వాక్యం కొసన కూర్చునేవే. వేరే సమాచారం తెగితే అర్థం కొరవడుతుంది. ఇది తెగితే అర్థం తిరగబడుతుంది. పైగా మిగిలిన ముక్క తెగినట్టు కూడా అనిపించదు. “టికెట్లు రేపు విడుదల” అనేది వార్తా చానళ్ల స్క్రోలింగులో రోజూ చూసే పూర్తి శీర్షిక లాగే ఉంటుంది. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

పరిమితి ఒక లెక్క, తెర ఇంకో లెక్క

“100 లోపలే ఉంది కదబ్బా, అది తీసుకునింది కూడా” అని ఆయన వాదన. నిజమే. యూట్యూబ్ టైటిల్‌కు 100 క్యారెక్టర్ల దాకా ఒప్పుకుంటుంది, ఈ టైటిల్ సరిగ్గా 99. అయితే ఆ 100 అనేది దాచుకోవడానికి పెట్టిన హద్దు. చూపించేటప్పుడు యూట్యూబ్ క్యారెక్టర్లు లెక్కపెట్టదు. ఉన్న వెడల్పులో ఇన్ని లైన్లు అని పెట్టి, మిగిలింది చుక్కలు చేసేస్తుంది. కాబట్టి ఎక్కడ తెగుతుందో ఫోన్ వెడల్పు, ఫాంటు, చూసేవాడు పెట్టుకున్న అక్షరాల సైజు కలిసి తేలుస్తాయి.

క్యారెక్టర్ అంటే మనం బళ్లో నేర్చుకున్న అక్షరం కాదని కూడా ఆయనకు చూపించాను. యూనికోడ్‌లో హల్లు ఒకటి, గుణింతం గుర్తు ఒకటి, వత్తు రావడానికి మధ్యలో వచ్చే పొల్లు ఇంకొకటి. “శ్రీ” చూడ్డానికి ఒక అక్షరం, లెక్కకు నాలుగు: శ, పొల్లు, ర, దీర్ఘం. “ప్రత్యేక” కంటికి మూడు అక్షరాలు, లెక్కకు ఎనిమిది. పైథాన్ తెలిసినవాళ్లు ఇలా చూసుకోవచ్చు:

```python
t = "తిరుమల తిరుపతి దేవస్థానం శ్రీవారి 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు రేపు విడుదల కావడం లేదు"
len(t)                  # 99
len(t.encode("utf-8"))  # 265
```

అదే టైటిల్‌ను వేలుపెట్టి లెక్కిస్తే 42 తెలుగు అక్షరాలు, మూడు అంకెలు, 13 ఖాళీలు. అంటే కంటికి 58 గడులు. ఇంగ్లిష్ టైటిళ్ల కోసం రాసిన “70 దాటకండి”, “60లో ఉంచండి” లాంటి సలహాలు మనకు అందుకే సరిపోవు. వత్తులు ఎక్కువున్న తెలుగు మాట క్యారెక్టర్లను తొందరగా తినేస్తుంది, కానీ వత్తు చాలావరకు అక్షరం కిందే కూర్చుంటుంది కాబట్టి అడ్డంగా అంత చోటు తీసుకోదు. వత్తులు లేని మాట దీనికి తలకిందులు. అందుకని నేను టైటిల్ పొడవును క్యారెక్టర్లలో కొలిచేది 100 దాటిందా లేదా అనే ఒక్కదానికే. ఎంత కనపడుతుందో తెలియాలంటే తెర మీద పెట్టి చూడాల్సిందే.

చూశాం కూడా. వీడియోను అన్‌లిస్టెడ్‌గా పెట్టి లాభం లేదు, అది ఎవరి హోమ్ పేజీలోకీ రాదు. అప్పటికే బయట ఉన్న ఆ వీడియోనే ఆఫీసులో ఉన్న ఫోన్లన్నింటిలో వెతికి చూశాం. మామూలు సైజులో “రేపు విడుదల” దగ్గర తెగింది. కంప్యూటర్‌లో వేరే వీడియో చూస్తుండగా కుడి పక్కన వచ్చే వరసలో ఇంకా ముందే, “దర్శనం టికెట్లు” దగ్గరే ఆగింది. అక్కడ రేపు అనేదే లేదు కాబట్టి కనీసం అబద్ధం కాలేదు. ఆయన బావమరిది ఫోన్‌లో అక్షరాల సైజు బాగా పెంచి ఉంది. దాంట్లో “ప్రత్యేక ప్రవేశ…” తర్వాత ఏమీ లేదు. ఈ మూడోదే నాకు ముఖ్యమనిపించింది. కొండకు వచ్చే కుటుంబంలో దర్శనం సంగతులు వెతికేది చాలాసార్లు పెద్దవాళ్లే, వాళ్ల ఫోన్లు ఇలాగే ఉంటాయి.

ఆ ఫోన్‌లో ఛానల్ పేజీ తెరిస్తే ఇంకో సంగతి బయటపడింది. వరసగా వీడియోలన్నీ “తిరుమల తిరుపతి దేవస్థానం శ్రీవారి 300 రూపాయల…” అనే కనపడుతున్నాయి. ఏది ఏ నెలదో, ఏది కోటా గురించో, ఏది టికెట్ రద్దు గురించో తెలియదు. తేడా అంతా చుక్కల అవతలే ఉంది. పాత నెల వీడియో తెరిచి ఆ తేదీలు చూసి ఫోన్ చేసేవాళ్లు ఎందుకు వస్తున్నారో ఆఫీసులో అప్పటిదాకా ఎవరికీ అర్థం కాలేదు.

థంబ్‌నెయిల్ ఆదుకోలేదా అంటే, దాని మీద “రేపు కోటా రాదు” అని పెద్దగా రాసే ఉంది. రెండు లైన్లుగా పెట్టారు, “రాదు” కింద కుడి మూలన పడింది. వీడియో నిడివి చూపించే నల్ల పట్టీని యూట్యూబ్ వేసేది సరిగ్గా ఆ మూలనే. చిన్న తెర మీద “రాదు”లో సగం దాని కిందికి పోయింది. ఇది తెగడం కాదు, కప్పడం. ఫలితం మాత్రం అదే.

కొత్త టైటిల్ దగ్గర పేచీ

నేను మొదట రాసిచ్చింది “జులై కోటా రేపు రాదు: తిరుమల 300 రూపాయల దర్శనం టికెట్లు”. ఆయనకు నచ్చలేదు.

“స్వామి పేరు ముందర లేకుండా ఎట్లబ్బా? అదీ గాక జనం వెతికేది తిరుమల అని కొట్టి కదా?”

“అన్నా, వెతుకులాటకు టైటిల్ మొత్తం ఉంటే చాలు. మాట చివర ఉన్నా దానికి దొరుకుతుంది. కంటికి మాత్రం ముందున్నదే దొరుకుతుంది.”

“అయితే తిరుమల ముందు పెట్టు, మిగిలింది నీ ఇష్టం.”

ఆయన మాటలో న్యాయం ఉంది. ఛానల్‌ను కొత్తగా చూసేవాడికి “జులై కోటా” అంటే దేని కోటా అనే అనుమానం వస్తుంది. చివరికి కుదిరిన టైటిల్:

తిరుమల జులై కోటా రేపు రాదు: 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు

మొత్తం 70 క్యారెక్టర్లు. “రాదు” 26వ క్యారెక్టర్‌తో ముగిసిపోతుంది. కంటికి అది పన్నెండు అక్షరాలు, నాలుగు ఖాళీలు. పెద్ద అక్షరాల ఫోన్‌లోనూ మొదటి లైన్లోనే పూర్తయింది. రెండుచుక్కల తర్వాత ఎక్కడ తెగినా విషయం చెడదు, ఎందుకంటే అక్కడున్నవి వెతికేవాళ్లకు పనికొచ్చే మాటలే తప్ప విషయాన్ని తేల్చే మాటలు కావు. “దేవస్థానం”, “శ్రీవారి” రెండూ తీసేశాం. ఈ ఊళ్లో దర్శనం టికెట్ అంటే ఎవరిదని ఎవరూ అడగరు.

ఇక్కడ చేసింది ఒక్కటే: ఒక పొడుగు వాక్యాన్ని విరిచి, క్రియతో ముగిసే చిన్న వాక్యాన్ని ముందు పెట్టడం. తెలుగులో క్రియను ఎత్తి ముందు పెడితే పద్యం చదివినట్టుంటుంది. దానికి బదులు వాక్యాన్నే పొట్టి చేస్తే క్రియ దానంతటదే ముందుకొస్తుంది. అది కూడా కుదరని చోట కాదనే సంగతిని మొదటి మాటలోనే పెట్టేయొచ్చు. “పుకారే: రేపు జులై కోటా…” అంటే ఎక్కడ తెగినా తప్పుడు అర్థం రాదు. నాకు ఈ రెండోది అంత ఇష్టం లేదు. ప్రతి వీడియోకూ “పుకారు”, “అలర్ట్”, “బ్రేకింగ్” అని మొదలుపెట్టే ఛానళ్లు చాలా ఉన్నాయి, జనం ఆ మొదటి మాటను చదవడం ఎప్పుడో మానేశారు.

“రేపు” అనే మాట గురించి కూడా చెప్పాలి. వీడియో ఛానల్‌లో ఉండిపోతుంది, రేపు ఉండదు. అందుకే ఇలాంటి టైటిళ్లలో గడువు దాటిన వెంటనే తేదీ పెట్టి మార్చడం ఆఫీసులో ఒకరికి అప్పజెప్పారు. టైటిల్ మార్చినా వీడియో లింకు మారదు కాబట్టి దీనికి భయపడాల్సింది ఏమీ లేదు.

డిస్క్రిప్షన్, ట్యాగులు

డిస్క్రిప్షన్ గొడవ టైటిల్ అంత ప్రమాదమైంది కాదు, కానీ చిరాకు ఎక్కువ పెట్టింది. ప్రతి వీడియో కింద ఆయన ఒకే పెద్ద తెలుగు వ్యాసం అతికించేవాడు: స్వాగతం, ఏ బళ్లున్నాయి, కాణిపాకం, శ్రీకాళహస్తి ప్యాకేజీలు, మాకూ దేవస్థానానికీ సంబంధం లేదన్న గమనిక. ఒక బయటి షెడ్యూలింగ్ టూల్ నుంచి ఎక్కిస్తుంటే కొన్ని వీడియోలు `invalidDescription` అని తిరిగొచ్చేవి. పరిమితి 5000 అని అందరికీ తెలుసు, ఈయన వ్యాసం రెండు వేల క్యారెక్టర్లు కూడా లేదు. ఎక్కడుంది లోపం అని టూల్ వాళ్లకు మెయిళ్లు రాశారట.

ఇలాంటి బయటి టూళ్లు వీడియోలు ఎక్కించే దారి అయిన యూట్యూబ్ ఏపీఐలో టైటిల్‌కు 100 అన్నది క్యారెక్టర్లలో ఉంది, డిస్క్రిప్షన్‌కు 5000 అన్నది బైట్లలో ఉంది. యూటీఎఫ్-8లో ఇంగ్లిష్ అక్షరం ఒక బైటు, తెలుగు క్యారెక్టర్ ఒక్కొక్కటి మూడు బైట్లు. ఖాళీలు, అంకెలు ఒక్కో బైటే కాబట్టి మామూలు తెలుగు రాత 1,800 క్యారెక్టర్ల దగ్గర 5000 బైట్లను తాకుతుంది. వీడియోకు సంబంధించిన నాలుగు లైన్లు ఎక్కువైన రోజు తిరిగొచ్చేది, తక్కువున్న రోజు ఎక్కేది. అప్పుడప్పుడూ మాత్రమే రావడానికి కారణం అదే. “ఆన్‌లైన్” లాంటి మాటల్లో కంటికి కనపడని ఇంకో క్యారెక్టర్ కూడా ఉంటుంది. న కింద ల వత్తు పడకుండా ఆపేది అదే, దానికీ మూడు బైట్లు. అది తీసేస్తే “ఆన్లైన్” అయిపోతుంది కాబట్టి పొదుపు కోసం దాన్ని తీయొద్దన్నాను. బదులుగా ప్యాకేజీల వివరాలు వాళ్ల వెబ్‌సైట్‌కు పంపి, ఇక్కడ లింకు మాత్రం ఉంచాం.

అసలు ఆ వ్యాసాన్ని చదివేవాళ్లు కూడా లేరు. వీడియో తెరిస్తే ముందు కాస్త కనపడుతుంది, మిగతాది నొక్కితే గానీ రాదు. ఆ కనపడే చోట “నమస్కారం, మా ఛానల్‌కు స్వాగతం” ఉండేది. ఇప్పుడు మొదటి లైన్లో టైటిల్‌లోని సంగతే ఇంకాస్త వివరంగా, దాని వెంటనే ఫోన్ నంబరు ఉంటాయి. ఇన్‌స్టాగ్రామ్ రీల్‌కు కూడా ఇదే మొదటి లైను వాడుతున్నారు. అక్కడ క్యాప్షన్ 2,200 దాకా రాయొచ్చు గానీ రీల్ మీద బయటికి కనపడేది ఒక ముక్కే.

ట్యాగుల మీద ఆయన ఎక్కువ ఆశ పెట్టుకున్నాడు. మొత్తం 500 క్యారెక్టర్లు నింపేసేవాడు. ఖాళీ ఉన్న ట్యాగును యూట్యూబ్ కొటేషన్ గుర్తుల్లో పెట్టినట్టు లెక్కిస్తుంది, ట్యాగుల మధ్య కామాలూ లెక్కలోకి వస్తాయి. అంటే “తిరుమల దర్శనం” 13 క్యారెక్టర్లే అయినా, 15 పోతాయి, కామాతో 16. ట్యాగుల వల్ల వీడియో దొరకడం చాలా తక్కువని, జనం స్పెల్లింగు తప్పు కొట్టే మాటలకే అవి పనికొస్తాయని యూట్యూబ్ వాళ్లే చెబుతారు. కాబట్టి తెలుగు ట్యాగులు చాలావరకు తీసి, ఫోన్‌లో జనం నిజంగా కొట్టేవి పెట్టాం: `thirupathi`, `tirupathi`, `thirumala`, `darsan tickets`. తమిళనాడు వైపు నుంచి వచ్చేవాళ్లు మొదటి రకంగా ఎక్కువ రాస్తారని ఆఫీసు అబ్బాయి చెప్పాడు, వాళ్ల మెసేజీలు చూస్తే నిజమే.

సగం అక్షరం

వాళ్ల వెబ్‌సైట్ మొదటి పేజీలో వీడియోల జాబితా ఒకటుంది. అక్కడ ప్రతి టైటిల్‌నూ ఎవరో ఇలా కత్తిరించి పెట్టారు:

```python
short = title[:50] + "…"
```

మన పాత టైటిల్ దీంట్లో పడితే “తిరుమల తిరుపతి దేవస్థానం శ్రీవారి 300 రూపాయల ప్రత్…” అని వస్తుంది. యాభయ్యో క్యారెక్టర్ పొల్లు, దాని తర్వాతి “య” తెగిపోయింది. తెర వెడల్పును బట్టి తెగితే అక్షరం పూర్తిగా ఉంటుంది, లేదా పూర్తిగా పోతుంది. క్యారెక్టర్లు లెక్కపెట్టి తెంచితే ఇలా పొల్లుతోనో, గుణింతం ఊడిపోయిన హల్లుతోనో మిగులుతుంది. బైట్లు లెక్కపెట్టి తెంచితే ఇంకా ఘోరం, చివర ‘�’ గుర్తు వస్తుంది. ఎక్కడైనా ఆ గుర్తు కనపడితే బైట్ల దగ్గర కత్తి పడిందని ముందు అనుమానించాలి. మార్పు ఒక లైనే:

```python
short = title if len(title) <= 50 else title[:50].rsplit(" ", 1)[0] + "…"
```

యాభై దాటని టైటిల్ జోలికి పోదు. దాటినదాన్ని యాభై లోపల చివరి ఖాళీ దగ్గర ఆపుతుంది కాబట్టి “…300 రూపాయల…” దగ్గర మాట పూర్తయ్యాకే తెగుతుంది. సరిగ్గా యాభైతో మాట ముగిసిన చోట ఒక మాట అనవసరంగా పోతుంది, ఫర్వాలేదు.

మార్చినా మారనివి

టైటిల్ మార్చిన రోజునుంచి హోమ్ పేజీలో, వెతుకులాటలో కొత్తదే కనపడింది. తర్వాతి వీడియోలకు “ఎన్ని గంటలకన్నా” లాంటి కామెంట్లు పోయాయి. నేను నమ్మే గుర్తు అదే: వీడియో చెప్పిందానికి తిరగబడిన ప్రశ్న కామెంట్లలో ఒకటికి రెండుసార్లు వస్తే, వీడియోను కాదు, టైటిల్ ఎక్కడ తెగుతోందో చూడాలి.

కానీ ఆ పాత వీడియో గురించి ఇంకొన్నాళ్లు ఫోన్లు వచ్చాయి. వీడియో పెట్టగానే బెల్ నొక్కినవాళ్లకు వెళ్లిన నోటిఫికేషన్లలో పాత టైటిలే ఉంది. వాట్సాప్‌లో లింకు పంపినప్పుడు కనపడే చిన్న పెట్టె కూడా పంపేవాడి ఫోన్‌లో ఆ క్షణాన తయారై మెసేజ్‌తో పాటే వెళుతుంది. ఆ తర్వాత యూట్యూబ్‌లో టైటిల్ ఎంత మార్చినా అప్పటికే గ్రూపుల్లో తిరుగుతున్న పెట్టెలో మారదు. ఆ పెట్టెలోనూ టైటిల్ “విడుదల” అటూ ఇటుగానే తెగి ఉంది. అందుకని ఇప్పుడు ఆఫీసులో ఒక పద్ధతి పెట్టారు. కాదు, లేదు అని చెప్పే వీడియో ఏదైనా పబ్లిక్ చేసే ముందు లింకును ఆఫీసు గ్రూపులో పంపుతారు, బావమరిది ఫోన్‌లో ఆ పెట్టె చూసి సరే అంటేనే బయటికి వదులుతారు. అన్‌లిస్టెడ్‌గా ఉన్నప్పుడు కూడా లింకు పెట్టె వస్తుంది కాబట్టి ఈ ఒక్క పరీక్షకు మాత్రం అది పనికొచ్చింది.